ఒరిజినల్ డిగ్రీ పోయింది: ఏ కాగితం ముందు, ఏది చివర

ప్రశ్న: మాది చిత్తూరు. అక్కడే బీకాం చదివి 2008లో పాసయ్యాను. పెళ్లయ్యాక తిరుపతిలో ఉంటున్నాం. ఈ నెల 6న అమ్మగారింటి నుంచి బస్సులో వస్తూ ఒక ఫైలు పోగొట్టుకున్నాను. ఎస్వీ యూనివర్సిటీ ఇచ్చిన ఒరిజినల్ డిగ్రీ అందులోనే ఉంది. స్టేషనుకు వెళితే ఎఫ్‌ఐఆర్ కట్టడం కుదరదన్నారు. తెలిసినాయన ఒకరు ‘ఆ తిరుగుడంతా ఎందుకు, ఇంట్లో ఎలుకలు కొరికేశాయని అఫిడవిట్ ఇచ్చేయండి’ అంటున్నారు. పెళ్లితో నా ఇంటిపేరు కూడా మారింది. డూప్లికేటు కోసం ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి? వచ్చే నెలలో ఒక కాలేజీలో అకౌంట్సు ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన ఉంది.
— ఒక సోదరి, బైరాగిపట్టెడ, తిరుపతి

సమాధానం: అమ్మా, ముందు ఆ ఎలుకల సంగతి తేల్చేద్దాం. చిరిగిన, తడిసిన, ఎలుకలు కొట్టిన డిగ్రీకి డూప్లికేటు ఇచ్చే పద్ధతి వేరు, పూర్తిగా పోయిన డిగ్రీకి ఇచ్చే పద్ధతి వేరు. పాడైపోయిన దాని విషయంలో పోలీసు కాగితం అక్కర్లేకపోవచ్చు గానీ, మిగిలిన ముక్కలను విశ్వవిద్యాలయానికి అప్పగించాలి. మీ దగ్గర అప్పగించడానికి ముక్క కూడా లేదు. అప్పుడు ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం కావాలి. పైగా అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం కాబట్టి, అందులో తెలిసి తప్పు రాయడం శిక్షార్హమైన నేరం. బస్సులో పోయింది, బస్సులో పోయిందనే రాయండి. నిజం చెప్పడం ఇక్కడ సులువు కూడా.

స్టేషనులో మీకు చెప్పిన మాట కూడా తప్పు కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలంటే, వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగ్గ నేరం ఒకటి జరిగినట్టు సమాచారం ఉండాలి. ఫైలు మరిచిపోవడమో జారవిడుచుకోవడమో ఎవరూ చేసిన నేరం కాదు. ఎవరైనా మీ చేతిలోంచి లాక్కున్నా, సంచి కోసి తీసుకున్నా అది దొంగతనం అవుతుంది, అప్పుడు ఎఫ్‌ఐఆర్ కోరవచ్చు. ఎఫ్‌ఐఆర్ ఉంటే బలంగా ఉంటుందని కొందరు పోయిన దాన్ని దొంగతనంగా మార్చి రాయిస్తారు. దానివల్ల దర్యాప్తు, తుది నివేదిక అంటూ పని నెలల తరబడి సాగడమే తప్ప లాభం లేదు, అధికారికి తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చారన్న నింద అదనం. మీకు కావలసింది ఎఫ్‌ఐఆర్ కాదు. మీ ఫిర్యాదు స్టేషను జనరల్ డైరీలో ఎక్కాలి, వెతికినా దొరకలేదని ఆ స్టేషను అధికారి సంతకంతో, ముద్రతో ఒక ధ్రువపత్రం రావాలి. దాన్నే వాడుకలో నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్ అంటారు. స్టేషనుకు వెళ్లి ‘ఎఫ్‌ఐఆర్ కట్టండి’ అనకుండా ‘సర్టిఫికెట్ పోయింది, జీడీలో ఎక్కించి నాన్ ట్రేసబుల్ ఇప్పించండి’ అని అడిగి చూడండి, సంభాషణ వేరుగా నడుస్తుంది. పోయిన పత్రాలకు సంబంధించిన ఈ దరఖాస్తును మీసేవ కేంద్రంలో పోలీసు శాఖ సేవల కింద కూడా పెట్టుకోవచ్చు.

అయితే స్టేషను కంటే ముందు వెళ్లవలసిన చోటు ఇంకొకటి ఉంది. బస్సులో దొరికిన వస్తువులను కండక్టరు డిపోలో అప్పగిస్తారు. మీరు ఎక్కిన బస్సు చిత్తూరు డిపోదా, తిరుపతి డిపోదా, ఇంకో ఊరిదా అన్నది టిక్కెట్టు చూస్తే తెలుస్తుంది. టిక్కెట్టు మీద డిపో పేరు, తేదీ, సమయం ఉంటాయి. అది ఇంకా పర్సులో ఉంటే వెంటనే జెరాక్సు తీయించండి, ఆ టిక్కెట్లు అచ్చయ్యే కాగితం మీద అక్షరాలు కొన్ని వారాలకే వెలిసిపోతాయి. డిపోలో అడిగి, దొరకలేదని తేలాక ఫిర్యాదు రాస్తే అందులో ‘డిపోలో విచారించాను, దొరకలేదు’ అన్న వాక్యం చేర్చవచ్చు. ఆ ఒక్క వాక్యం, దానికి జతచేసిన టిక్కెట్టు జెరాక్సు ఉంటే స్టేషను రైటరు మిమ్మల్ని అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి.

ఏ స్టేషను అన్నది మీలాంటి వారికి నిజంగానే చిక్కు. చిత్తూరులో ఎక్కారు, పూతలపట్టు, చంద్రగిరి మీదుగా వచ్చారు, తిరుపతి బస్టాండులో దిగి ఆటో ఎక్కారు, ఇంటికి వచ్చాక ఫైలు లేదని చూసుకున్నారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది కాబట్టి ఈ 70 కిలోమీటర్ల దారిలో జిల్లా కూడా మారింది. ఫైలును చివరిసారి కచ్చితంగా ఎక్కడ చూశారో గుర్తు తెచ్చుకోండి. బస్సు దిగేటప్పుడు చేతిలో ఉందని నమ్మకంగా చెప్పగలిగితే తిరుపతి బస్టాండు ఏ స్టేషను పరిధిలోకి వస్తుందో అక్కడ ఇవ్వండి. అంత నమ్మకం లేకపోతే ‘చిత్తూరు నుంచి తిరుపతికి ప్రయాణంలో పోయింది, ఇంటికి చేరాక గమనించాను’ అని ఉన్నది ఉన్నట్టు రాసి, గమనించిన చోటి స్టేషనులో, అంటే మీ ఇంటి పరిధిలోని స్టేషనులో ఇవ్వండి. కచ్చితంగా తెలియని చోటును కచ్చితంగా రాయడం వల్లే ఫిర్యాదులు ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు తిరుగుతాయి.

ఫిర్యాదులో ‘నా సర్టిఫికెట్లు పోయినవి’ అని రాస్తే దాంతో ఏ పనీ జరగదు. పోయిన కాగితం ఏదో పేరుపేరునా రాయాలి: శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జారీచేసిన ఒరిజినల్ బీకాం డిగ్రీ, మీ హాల్ టికెట్ నంబరు, ఉత్తీర్ణులైన సంవత్సరం, నెల, చదివిన కాలేజీ, డిగ్రీలో ఉన్నట్టుగా మీ పేరు, తండ్రి పేరు. హాల్ టికెట్ నంబరు మీ మార్కుల మెమోల మీద, ప్రొవిజనల్ మీద ఉంటుంది. అవి కూడా ఆ ఫైలులోనే పోయి ఉంటే చిత్తూరులో మీరు చదివిన కాలేజీకి వెళ్లి, మీ బ్యాచి రికార్డుల్లోంచి నంబరు రాయించుకోండి. డిగ్రీ మీద ఉండే సీరియల్ నంబరు జెరాక్సు ఉంటే తప్ప దొరకదు, అది లేదని కంగారు పడనక్కర్లేదు. విశ్వవిద్యాలయం రిజిస్టరు తీసి చూసేది హాల్ టికెట్ నంబరుతోనే. ఫైలులో ఇంకా ఏమేం పోయాయో అవన్నీ ఇదే ఫిర్యాదులో చేర్చండి. నెల తర్వాత ‘టీసీ కూడా పోయింది’ అని గుర్తొస్తే మళ్లీ ఇదే చుట్టు తిరగాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఫిర్యాదు తీసుకున్నట్టు స్టేషనులో ఇచ్చే రశీదును, లేదా మీసేవలో ఇచ్చే దరఖాస్తు రశీదును నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్ అనుకుని విశ్వవిద్యాలయానికి పట్టుకెళతారు. రశీదులో ‘ఫిర్యాదు అందినది’ అని ఉంటుంది, మీకు కావలసిన దాంట్లో ‘విచారించగా జాడ తెలియలేదు’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉండాలి. ఆ వాక్యం ఉందా, జీడీ నంబరు, తేదీ ఉన్నాయా, హాల్ టికెట్ నంబరులో అంకె తారుమారు కాలేదా అన్నవి స్టేషను బల్ల దగ్గరే చదివి చూసుకోండి. తర్వాత దిద్దించుకోవడం కంటే అక్కడే దిద్దించుకోవడం తేలిక.

ఫిర్యాదు ఇచ్చిన ఒకటి రెండు రోజుల్లో పేపరు ప్రకటన వేయించండి. వర్గీకృత ప్రకటనలకు మాటల లెక్కనో వరుసల లెక్కనో తీసుకుంటారు కాబట్టి కథ రాయనక్కర్లేదు. ఇంతమాత్రం చాలు: ‘_____ అను నేను, తండ్రి _____, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము నుండి పొందిన బీకాం ఒరిజినల్ డిగ్రీ, హాల్ టికెట్ నంబరు _____, ఉత్తీర్ణత 2008, తేది 6న చిత్తూరు నుండి తిరుపతికి ప్రయాణములో పోయినది. దొరికినవారు ఈ ఫోనుకు తెలుపగలరు.’ తేదీ పక్కన నెల, సంవత్సరం పూర్తిగా వేయించండి. పేపరు వాళ్లు ఏ ఎడిషనులో వేస్తున్నారో అడగండి. వస్తువు పోయిన ప్రాంతంలో చదివే పేపరులో రావాలన్నది దీని ఉద్దేశం, అందుకని చిత్తూరు, తిరుపతి రెండు జిల్లాల్లోనూ వచ్చే పేజీ అయితే మీకు మేలు. తెలుగులోనా, ఇంగ్లీషులోనా అన్నది దరఖాస్తు ఫారంలో చెప్పి ఉంటే దాని ప్రకారం వెళ్లండి, తెలుగులో వేయించినా మీ పేరు స్పెల్లింగు డిగ్రీలో ఉన్నట్టే రావాలని ప్రకటన తీసుకునే వారికి చెప్పండి. అచ్చయిన రోజున ఆ పేపరు నాలుగు ప్రతులు కొని, ప్రకటన ముక్కను కత్తిరించకుండా పేజీ మొత్తం దాచండి. పేజీ తలమీద ఉండే పేపరు పేరు, ఎడిషను, తేదీ లేకపోతే కత్తిరించిన ముక్క దేనికీ రుజువు కాదు.

ప్రకటనలో ఆధారు నంబరు, పుట్టిన తేదీ, ఇంటి డోరు నంబరు వేయకండి. ఇలాంటి ప్రకటనలు చూసి ఫోను చేసే మోసగాళ్లున్నారు. ‘మీ ఫైలు నా దగ్గరుంది, కొరియరు ఖర్చులు పంపండి’ అంటారు. హాల్ టికెట్ నంబరు చదివి వినిపిస్తే నమ్మేయకండి, అది పేపరులోనే ఉంది కదా. ఫైలులో డిగ్రీతో పాటు ఇంకేం కాగితాలున్నాయో, ఫైలు ఏ రంగో చెప్పమని అడగండి.

ఇప్పుడు అఫిడవిట్. ఎక్కువమంది మొదట పరిగెత్తేది కోర్టు దగ్గరికే, స్టాంపు కాగితం, టైపు, నోటరీ అన్నీ ఒకేచోట అరగంటలో అయిపోతాయి కనుక. నా సలహా దానికి భిన్నం: అఫిడవిట్‌ను చివర చేయించండి. అందులో మీరు ప్రమాణపూర్వకంగా చెప్పవలసిన విషయాలు మిగతా రెండు కాగితాలు వచ్చాకే మీ చేతిలో ఉంటాయి. ఏ స్టేషనులో, ఏ తేదీన, ఏ జీడీ నంబరుతో ఫిర్యాదు నమోదైంది, నాన్ ట్రేసబుల్ ఏ తేదీన వచ్చింది, ప్రకటన ఏ పేపరులో ఏ రోజు పడింది అన్న మూడు వాక్యాలు ఉంటే ఆ అఫిడవిట్ మిగతా కాగితాలను ఒక దారంలో కడుతుంది. అవి లేకుండా ముందే చేయించినది ‘పోయింది, డూప్లికేటు ఇప్పించండి’ అన్న విన్నపంగా మిగులుతుంది. కొన్నిచోట్ల ఫిర్యాదుతోనే ఒక అఫిడవిట్ అడుగుతారు. అలా అడిగితే ఇవ్వండి, కానీ విశ్వవిద్యాలయానికి వేరేది చేయించండి.

ఒక విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో పనిచేసిన రోజుల్లో నా బల్ల మీదికి వచ్చిన ఒక దరఖాస్తు ఇప్పటికీ గుర్తుంది. ఆ అబ్బాయి ఫిర్యాదులో 12వ తేదీన రైలులో పోయిందని ఉంది, పేపరు ప్రకటనలో 14వ తేదీన అని ఉంది, అన్నిటికంటే ముందు చేయించిన అఫిడవిట్‌లో ఇల్లు మారేటప్పుడు పోయిందని ఉంది. కోర్టు దగ్గర టైపు చేసినాయన ఇంకెవరిదో పాత నమూనాలో పేరు మాత్రమే మార్చి ఇచ్చాడు, ఈయన చదవకుండా సంతకం పెట్టాడు. మూడు కాగితాలూ విడివిడిగా చూస్తే చక్కగానే ఉన్నాయి, ముద్రలన్నీ ఉన్నాయి, పక్కపక్కన పెడితే మాత్రం మూడు వేర్వేరు డిగ్రీలు పోయినట్టుంది. తిప్పి పంపక తప్పలేదు. మళ్లీ అన్నీ చేయించుకుని వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. కౌంటరులో కూర్చున్నవారు ముందుగా చూసేది మీ కష్టాన్ని కాదు, పేరు, తండ్రి పేరు, హాల్ టికెట్ నంబరు, పోయిన తేదీ, పోయిన చోటు అన్నింట్లోనూ ఒకటిగా ఉన్నాయా అన్నదాన్ని. కాబట్టి ఒక తెల్లకాగితం మీద ఈ ఐదూ రాసుకుని, స్టేషనుకు, పేపరుకు, నోటరీ దగ్గరికి అదే కాగితాన్ని పట్టుకెళ్లండి.

స్టాంపు కాగితం విలువ ఎంతన్నది దరఖాస్తు ఫారంలో ఎంత చెబితే అంత, నోటరీ ముందు చాలా, మెజిస్ట్రేటు ముందు కావాలా అన్నదీ అక్కడే ఉంటుంది. అందుకే స్టాంపు కొనేముందు ఫారం తెచ్చుకోవాలి. స్టాంపు మీ పేరునే కొనాలి, వెనకవైపు వెండరు రాసే తేదీ అఫిడవిట్ తేదీకి ముందుదో అదే రోజుదో అయి ఉండాలి. సంతకం ఇంటి దగ్గర పెట్టి ఎవరిచేతనో పంపకండి. నోటరీ ఎదుట, గుర్తింపు కార్డు చూపి, ప్రతి పేజీ మీద పెట్టాలి. నోటరీ ముద్ర, సంతకం, తేదీ, ఆయన రిజిస్టరు సీరియల్ నంబరు పడ్డాయో లేదో చూసుకోండి. లోపల పైన చెప్పిన సంగతులతో పాటు మరో రెండు మాటలు తప్పనిసరిగా ఉండాలి. డిగ్రీని ఎవరి దగ్గరా తాకట్టు పెట్టలేదు, ఏ సంస్థకూ అప్పగించలేదు అన్నది ఒకటి. ఒరిజినల్ ఎప్పుడైనా దొరికితే వెంటనే విశ్వవిద్యాలయానికి అప్పగిస్తాను అన్నది రెండోది. ఈ రెండోది లాంఛనం అనుకోకండి. డూప్లికేటు వచ్చాక పాత ఫైలు ఏ సీటు కిందో దొరికితే ఆ ఒరిజినల్‌ను బీరువాలో పెట్టుకునే హక్కు మీకు ఉండదు.

ఇంటిపేరు సంగతికి వస్తే, డూప్లికేటు మీ ఇప్పటి పేరుతో రాదు. 2008 నాటి రిజిస్టరులో ఏ పేరు, ఏ స్పెల్లింగు ఉంటే అదే వస్తుంది, తండ్రి పేరు స్థానంలో భర్త పేరు కూడా రాదు. పేరు దిద్దించుకోవడానికి ఇది సందర్భం కాదు, రెండు పనులను కలిపితే రెండూ ఆగుతాయి. ఫిర్యాదులోనూ ప్రకటనలోనూ మీ డిగ్రీ పేరే ముందు రాయండి. అఫిడవిట్‌లో మాత్రం ‘వివాహానికి ముందు ఫలానా ఇంటిపేరుతో ఉన్న నేను, ప్రస్తుతం ఆధారులో ఫలానా పేరుతో ఉన్నాను, ఇద్దరూ ఒకే వ్యక్తి’ అని ఒక పేరా చేర్చి, వివాహ ధ్రువపత్రం నకలు జత చేయండి. స్టాంపు ఆధారు పేరుతో కొన్నా అప్పుడు ఇబ్బంది ఉండదు.

ఈ మూడు కాగితాలూ చేతికి వచ్చాక దరఖాస్తు చిన్న పని. ఫారం నింపి, అందులో చెప్పిన రుసుము చెప్పిన పద్ధతిలోనే కట్టి, మార్కుల మెమో, ప్రొవిజనల్ నకళ్లు, గుర్తింపు కార్డు నకలు, ఉంటే పాత డిగ్రీ జెరాక్సు జతచేసి విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో ఇవ్వాలి. కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా పంపాలనో, గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలనో ఫారం అడిగితే ఆ సంతకం కోసం చిత్తూరుకు ఒకసారి వెళ్లిరండి. ఇచ్చే ముందు మొత్తం కట్టను స్కాన్ చేసి ఉంచుకోండి, ఇన్‌వార్డు నంబరు తీసుకోకుండా వెనుదిరగకండి. తర్వాత మీరు వెళ్లి అడిగేది ఆ నంబరుతోనే. వచ్చే పత్రం మీద డూప్లికేటు అన్న మాట ఉంటుంది, అది చూసి చిన్నబుచ్చుకోవద్దు, ఉద్యోగానికైనా పై చదువుకైనా అది చెల్లుతుంది.

వచ్చే నెల పరిశీలనకు డూప్లికేటు చేతికి అందుతుందని ఆశ పెట్టుకోకండి. ఆ కాలేజీకి ముందుగానే ఒక ఉత్తరం రాసి, ప్రొవిజనల్, మార్కుల మెమోలు, నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్, విశ్వవిద్యాలయం ఇన్‌వార్డు నంబరున్న దరఖాస్తు నకలు చూపి గడువు కోరండి. కావాలంటే వారే నేరుగా విశ్వవిద్యాలయానికి రాసి మీ డిగ్రీ నిజమైనదేనని నిర్ధారించుకోవచ్చు, దానికి విడిగా రుసుముతో ఒక పద్ధతి ఉంటుంది. డిజిలాకరులోనూ ఒకసారి హాల్ టికెట్ నంబరుతో వెతకండి. విశ్వవిద్యాలయం అక్కడ చేర్చిన డిగ్రీ 2016 నాటి డిజిటల్ లాకరు నిబంధనల్లోని 9ఎ ప్రకారం కాగితం ఒరిజినల్‌తో సమానం. అయితే మీరు స్వయంగా అప్‌లోడ్ చేసుకున్న జెరాక్సు ఫొటోకు ఆ విలువ లేదు, జారీచేసిన పత్రాల జాబితాలో కనిపించేదానికే ఉంది. 2008 బ్యాచి వారికి అది కనిపించకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు, పాత రికార్డులు అక్కడికి చేరడం బ్యాచిని బట్టి ఉంటుంది.

ఈరోజే చేయదగ్గ పని టిక్కెట్టు వెతికి జెరాక్సు తీయించడం. రేపు ఉదయం డిపోకు ఫోను చేసి, ఆ తర్వాత ఐదు వివరాల కాగితం పట్టుకుని స్టేషనుకు వెళ్లండి.